ఫెయిల్డ్ అని వచ్చింది, డబ్బులు పోయాయి, బ్యాంకేమో కట్ కాలేదంటోంది

ప్రశ్న: మాది గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊరు. ఈ నెల 6న, శుక్రవారం సాయంత్రం, మా పాప ఓణీల ఫంక్షన్‌కి బట్టలు తీసుకున్నాం. బిల్లు 18,400. కౌంటర్ మీదున్న క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టాను. చక్రం తిరుగుతూనే ఉంది, ఎంతకీ తేలలేదు. వెనక జనం. వెనక్కి వచ్చి మళ్లీ చేశాను, ఈసారి ఫెయిల్డ్ అని ఎర్రగా వచ్చింది, స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. అప్పటికే 18,400 డెబిట్ అయినట్టు మెసేజ్ వచ్చి ఉంది. షాపు వాళ్లు మాకు రాలేదన్నారు. చివరికి మా మరిది తన ఫోన్ నుంచి కట్టాడు. తర్వాత మా అబ్బాయి మెయిల్ నుంచి బ్యాంకుకి 'నా డబ్బులు కట్ అయ్యాయి, వెంటనే తిరిగి వేయండి' అని రాసి స్క్రీన్‌షాట్ జత చేశాం. 12న సమాధానం వచ్చింది: మీరు పంపిన లావాదేవీకి ఖాతాలో డెబిట్ జరగలేదు, ఫిర్యాదు ముగిస్తున్నాం అని. కట్ అయిన డబ్బు కట్ కాలేదని ఎలా అంటారండీ? మావారు బ్రాంచికి వెళ్లి గట్టిగా నిలదీద్దాం అంటున్నారు. మా అబ్బాయి స్క్రీన్‌షాట్ సోషల్ మీడియాలో పెట్టి బ్యాంకుని ట్యాగ్ చేద్దాం అంటున్నాడు. మరిది నోరెత్తి అడగడు గానీ తోటికోడలు అప్పుడే రెండుసార్లు మాట ఎత్తింది. ఈ రోజు 18. ఏం చేయాలో చెప్పండి.

సమాధానం: మీ ఉత్తరంలో 'వెనక్కి వచ్చి మళ్లీ చేశాను' అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీకది చిన్న విషయంలా అనిపించి ఉంటుంది, కానీ చిక్కుముడి అక్కడే పడింది. ఆ సాయంత్రం మీరు చేసింది ఒక చెల్లింపు కాదు, రెండు. చక్రం తిరిగింది ఒకటి, ఎర్రగా వచ్చింది ఇంకొకటి. రెంటికీ వేరువేరు నంబర్లు ఉంటాయి. డెబిట్ మెసేజ్ దాదాపు ఖాయంగా మొదటిదానిది, స్క్రీన్‌షాట్ మాత్రం రెండోదానిది. అంటే మీరు బ్యాంకుకి పంపింది అసలు డబ్బే కదలని చెల్లింపు తాలూకు బొమ్మ. వాళ్లు ఆ నంబరు కొట్టి చూశారు, దానికి డెబిట్ లేదు, లేదని రాసి ఫైలు మూసేశారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అలాగని మంచి పని చేశారనీ అనను. అదే ఖాతాలో కొద్ది నిమిషాల ముందు అదే మొత్తం అదే షాపు పేరున పోయిందేమో ఒక్కసారి పైకీ కిందకీ చూస్తే కనపడేది. కానీ రోజుకి వందల ఫిర్యాదులు తెరిచేవాళ్లు ఇచ్చిన నంబరు దాటి చూడరు, కాబట్టి సరైన నంబరు ఇవ్వడం మన పనే అవుతుంది.

ఇది నా ఊహ అయితే ఎలా అంటారా, ఇప్పుడే తేల్చుకోవచ్చు. ఫోన్లో పేమెంట్ యాప్ తెరిచి హిస్టరీలోకి వెళ్లండి. 6వ తేదీ సాయంత్రం ఆ షాపు పేరు మీద రెండు వరసలు ఉండాలి. ఒక్కోదాని మీద నొక్కితే వివరాలు తెరుచుకుంటాయి, అందులో టైము, దాని కింద పన్నెండు అంకెల నంబరు ఒకటి ఉంటుంది. కొన్ని యాప్‌లలో దాన్ని UTR అంటారు, కొన్నింట్లో UPI Ref No లేదా RRN అంటారు. దాని పక్కనే అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి నంబరు ఇంకొకటి ఉండొచ్చు, అది యాప్ వాళ్లకి పనికొస్తుంది, బ్యాంకు వాళ్లు ఎక్కువగా అడిగేది ఆ పన్నెండంకెలదే. ఇప్పుడు డెబిట్ అయినట్టు వచ్చిన మెసేజ్ తెరవండి. అందులోనూ రెఫరెన్స్ నంబరు ఉంటుంది. లేకపోతే నెట్ బ్యాంకింగ్‌లోనో బ్యాంకు యాప్‌లోనో 6వ తేదీ స్టేట్‌మెంట్ తీయండి, 18,400 ఎదురుగా UPI/DR అనో UPI అనో మొదలయ్యే వరసలో ఆ పన్నెండంకెలూ దొరుకుతాయి. ఈ నంబరు యాప్‌లోని ఏ వరసతో కలుస్తుందో చూసుకోండి. చక్రం తిరిగినదానితో కలిస్తే నేను చెప్పిందే జరిగింది. ఎర్రదానితోనే కలిస్తే బ్యాంకు సమాధానం నిజంగానే తప్పు, అప్పుడు మీ కేసు ఇంకా తేలిక, అదే మెయిల్‌కి స్టేట్‌మెంట్ వరస జతచేసి మళ్లీ తెరవమని అడగడమే.

స్టేట్‌మెంట్ చేతిలో ఉండగానే ఇంకొకటి కూడా చూడండి. 6 నుంచి ఈ రోజు వరకు క్రెడిట్ వైపు 18,400 ఎక్కడైనా ఉందా? నవ్వకండి. డబ్బు రాత్రికి రాత్రే వెనక్కి వచ్చి, ఆ మెసేజ్ ఓటీపీల మధ్య, ఆఫర్ల మధ్య కలిసిపోయి, మనుషులు నెలల తరబడి తిరిగిన సందర్భాలు తక్కువేం కాదు. బ్యాలెన్స్ చూస్తే సరిపోదు, మధ్యలో మీరే వాడేసి ఉంటారు, వరస వరస చదవాలి.

రాలేదనుకుందాం. అప్పుడు అసలు ప్రశ్న, ఆ డబ్బు ఎక్కడుంది? మీరు పిన్ కొట్టగానే మీ అభ్యర్థన యాప్ నుంచి యూపీఐ నడిపే ఎన్‌పీసీఐకి వెళ్తుంది, అక్కడి నుంచి మీ బ్యాంకుకి 'ఈ ఖాతాలో ఇంత తీయి' అని కబురు, మీ బ్యాంకు తీసి 'తీశాను' అంటుంది. తర్వాత షాపు బ్యాంకుకి 'ఇంత వేయి' అని కబురు. ఈ చివరి అంచెలో ఆ బ్యాంకు నుంచి గడువులోగా జవాబు రాలేదనుకోండి, మీ ఫోన్లో చక్రం తిరుగుతూనే ఉంటుంది, లేదా పెండింగ్ అని చూపిస్తుంది. జవాబు రాలేదు అంటే డబ్బు వేయలేదని కాదు సుమా. వేసి కూడా చెప్పలేకపోయి ఉండొచ్చు. ఏది జరిగిందో తర్వాత రెండు వైపుల లెక్కలు సరిచూసుకున్నప్పుడు తేలుతుంది. వేయలేదని తేలితే మీకు వెనక్కి వస్తుంది, వేశారని తేలితే షాపుకే ఉండిపోతుంది, మీ యాప్‌లోని ఆ వరస కూడా ఎప్పుడో ఒకనాడు చడీచప్పుడు లేకుండా సక్సెస్ అని పచ్చగా మారుతుంది. కాబట్టి హిస్టరీలో ఆ మొదటి వరస ఈ రోజు ఏం చూపిస్తోందో చూడండి, 6న చూసిన జ్ఞాపకం పనికిరాదు. పెండింగో ఫెయిల్డో అని ఉంటే మీ డబ్బు మధ్యలో చిక్కుకుందని అర్థం. సక్సెస్ అని ఉంటే మీ డబ్బు షాపు దగ్గరే ఉండటానికి చాలా అవకాశం ఉంది, వాళ్లకి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా.

తెలియకపోవడం ఏమిటి అంటారేమో. కౌంటర్‌లో అబ్బాయి ఆ క్షణాన చూసింది స్పీకర్ డబ్బా మోగిందా లేదా అన్నది ఒక్కటే. మోగలేదు, రాలేదన్నాడు. తర్వాత మీరు ఫోన్ చేసినా అదే మాట చెప్పి ఉంటాడు, ఎందుకంటే అతని జ్ఞాపకంలో ఉన్నది మోగని డబ్బానే. క్యూఆర్ ఇచ్చిన కంపెనీ షాపు ఖాతాలో వేసే డబ్బు చాలా చోట్ల ఆ రోజు వసూళ్లన్నీ కలిపి ఒకే మొత్తంగా పడుతుంది, అందులో మీ 18,400 విడిగా కనపడదు. వాళ్ల మర్చంట్ యాప్‌లో తేదీ పెట్టి, ఆ పన్నెండంకెల నంబరుతో వెతికితేనే కనపడుతుంది. అది చూడగలిగింది యజమానో, లెక్కలు రాసే ఆయనో. అందుకని షాపుకి వెళ్తే 'డబ్బులు వచ్చాయా' అని అడగకండి, నంబరు, తేదీ, టైము రాసిన చీటీ చేతిలో పెట్టి 'ఈ నంబరు మీ యాప్‌లో ఒక్కసారి వెతకండి, 6, 7, 8 తేదీల్లో చూడండి' అనండి. ఫంక్షన్ బట్టలు తీసుకున్న షాపు, జాకెట్లు కుట్టించే పని కూడా ఉండి ఉంటుంది, ఎలాగూ వెళ్తారు. గొడవగా కాకుండా ఉదయం పూట, జనం లేనప్పుడు వెళ్లండి.

ఇక్కడి నుంచి దారులు రెండు.

షాపుకి చేరిందని తేలితే బ్యాంకు మీద కోపానికి పని లేదు. బ్యాంకు దృష్టిలో అది పూర్తయిన చెల్లింపు. మీరు అదే బిల్లుకి రెండుసార్లు కట్టినట్టయింది, అదనంగా వచ్చినదాన్ని తిరిగి ఇవ్వాల్సింది షాపు. వాళ్లు మర్చంట్ యాప్‌లో రిఫండ్ నొక్కితే డబ్బు వచ్చిన ఖాతాకే, అంటే మీ ఖాతాకే, తిరిగి వెళ్తుంది, అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి ఇదే. నగదు ఇస్తామంటే తీసుకోవచ్చు, కానీ బిల్లు మీదే 'ఫలానా నంబరు చెల్లింపు వాపసు ఇచ్చాం' అని రాయించుకోండి, బ్యాంకులో తెరిచి ఉన్న ఫిర్యాదుని అదే రోజు మూసేయమని మెయిల్ పెట్టండి. అలా చేయకపోతే ఆ ఫిర్యాదు మీద బ్యాంకు కూడా వెనక్కి తీసుకురావచ్చు, అప్పుడు షాపు వాళ్లకి రెండుసార్లు పోతుంది, తర్వాత మీ మీదకి వస్తారు. ఒకవేళ వచ్చిందని కనపడుతున్నా షాపు వాళ్లు ఇవ్వం అంటే, మీ బ్యాంకుని 'వేరే దారిలో కట్టిన బిల్లుకి ఇది అదనంగా వెళ్లింది' అని డిస్ప్యూట్ వేయమని అడగొచ్చు, దానికి బిల్లు, మీ మరిది కట్టిన చెల్లింపు వివరాలు రెండూ కావాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది, షాపు మీద ఫిర్యాదు అక్కడ నమోదు చేయించొచ్చు. ఊళ్లో షాపుతో అంతదూరం వెళ్లాల్సి వస్తుందనుకోను.

షాపు యాప్‌లో ఆ నంబరు లేదని తేలితే, అప్పుడు బ్యాంకుదే బాధ్యత, మీకు గట్టి ఆధారమే ఉంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, యూపీఐలో ఖాతా నుంచి డబ్బు పోయి షాపు వైపు ధ్రువీకరణ అందకపోతే, చెల్లింపు జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా అది దానంతటదే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే దాటిన ప్రతి రోజుకీ 100 రూపాయలు పరిహారం, అది కూడా మీరు అడగకుండానే వేయాలి. మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బయితే గడువు ఒక్క రోజే. కొన్ని చిన్న షాపులు సొంత ఖాతా క్యూఆరే అతికిస్తాయి, అలాంటప్పుడు ఈ ఒక్క రోజు లెక్క రావొచ్చు, కానీ మీరు ముందు ఐదు రోజుల లెక్కతోనే అడగండి, దాని మీద వాదన ఉండదు. సెలవులు తీసేసి లెక్కపెట్టరు, క్యాలెండర్ రోజులే. మీది 6న అయింది కాబట్టి 11 వరకు బ్యాంకు గడువు. 12 నుంచి మీ లెక్క మొదలు. 20న డబ్బు పడిందనుకోండి, తొమ్మిది రోజులు, 900 రూపాయలు. అడగకుండానే వేయాలన్నది రూలు, అడిగితే గానీ వేయనివాళ్లు ఉంటారు కాబట్టి అడగండి.

ఇక ఆ మెయిల్ గురించి. మొదటి మెయిల్‌లో లోపం భాష కాదు, కోపమూ కాదు. బ్యాంకుకి తెలిసిన సంగతినే మీరు రుజువు చేయబోయారు, తెలియనిది చెప్పలేదు. డెబిట్ అయిందన్నది వాళ్ల సొంత పుస్తకంలోనే ఉంది, దానికి మీ స్క్రీన్‌షాట్ అక్కర్లేదు, సరైన నంబరు ఉంటే చాలు. వాళ్లకి కనపడనిది షాపు వైపు. అక్కడ డబ్బు అందలేదని, అదే బిల్లుకి వేరే ఫోన్ నుంచి మళ్లీ కట్టాల్సి వచ్చిందని చూపించేది ఏదైనా ఉంటే అది బలమైన జత. అంటే షాపు బిల్లు, మీ మరిది ఫోన్లోని సక్సెస్ వివరాలు, వీలైతే షాపు వాళ్లు 'ఈ నంబరు మాకు చేరలేదు' అని రాసిచ్చిన ఒక్క లైను. ఎర్ర స్క్రీన్‌షాట్ కూడా పంపండి, కానీ అది రెండో ప్రయత్నం అని మీరే ముందుగా చెప్పేయండి, లేకపోతే మళ్లీ దాన్నే పట్టుకుంటారు. మొదటి వరస మీద నొక్కి, వివరాలన్నీ తెరిచి, నంబరూ టైమూ పూర్తిగా కనపడేలా కొత్త స్క్రీన్‌షాట్ తీయండి. కింద సగం కోసుకుపోయిన బొమ్మలే ఎక్కువ వస్తుంటాయి, నంబరేమో ఆ కోసుకుపోయిన సగంలో ఉంటుంది.

ఇంకో సంగతి, అబ్బాయి మెయిల్ నుంచి కాకుండా మీ ఖాతాకి రిజిస్టర్ అయిన మెయిల్ నుంచే పంపండి. వేరే మెయిల్ అయితే ఖాతా వివరాలు చర్చించలేమని తప్పించుకునే వీలుంటుంది. మీ ఖాతాకి మెయిలే లేకపోతే బ్యాంకు యాప్‌లోనో వెబ్‌సైట్లోనో ఉన్న ఫిర్యాదు ఫారం వాడండి, లేదా బ్రాంచిలో కాగితం మీద ఇచ్చి స్టాంపు వేయించుకోండి. ఏ దారిలో ఇచ్చినా ఫిర్యాదు నంబరు చేతికి రావాలి, అది లేని మెయిల్ రాయనట్టే.

ఇదిగో, ఇలా రాస్తే చాలు. పెద్దది అక్కర్లేదు:

> విషయం: యూపీఐ చెల్లింపు, రూ. 18,400 డెబిట్ అయింది, షాపుకి చేరలేదు. రెఫరెన్స్ నంబరు (పన్నెండంకెలు). పాత ఫిర్యాదు నంబరు (ఫలానా).
>
> నా ఖాతా చివరి నాలుగంకెలు (….). 6వ తేదీ సాయంత్రం 7:49కి పై రెఫరెన్స్ నంబరుతో రూ. 18,400 డెబిట్ అయింది. షాపు పేరు (….), వారి యూపీఐ ఐడీ (….). డబ్బు తమకు చేరలేదని షాపు వారు చెప్పారు. ఈ రోజు వరకు నా ఖాతాకి తిరిగి రాలేదు.
>
> 7:52కి నేను మళ్లీ ప్రయత్నించగా అది ఫెయిల్ అయింది, దానికి డెబిట్ లేదు. నా పాత ఫిర్యాదుకి జత చేసిన స్క్రీన్‌షాట్ ఆ రెండో ప్రయత్నానిది. నా ఫిర్యాదు మొదటి చెల్లింపు గురించి.
>
> అదే బిల్లుకి అదే సాయంత్రం వేరే ఖాతా నుంచి డబ్బు కట్టాము. బిల్లు, ఆ చెల్లింపు వివరాలు జతచేశాను.
>
> దయచేసి ఈ నంబరు ప్రస్తుత స్థితిని రాతపూర్వకంగా తెలపండి. షాపు బ్యాంకులో జమ కాకపోతే రూ. 18,400ను, రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్ ప్రకారం ఐదు రోజుల గడువు తర్వాత రోజుకి రూ. 100 చొప్పున పరిహారాన్ని నా ఖాతాలో జమ చేయండి. జమ అయి ఉంటే ఏ తేదీన అయిందో తెలపండి.

టైములు నేను ఉదాహరణకి వేశాను, మీ ఫోన్లో ఉన్నవి వేసుకోండి. చివరి వాక్యం మాత్రం తీసేయకండి. 'డబ్బు తిరిగి వేయండి' అని ఒక్కటే అడిగితే 'కుదరదు' అని ఒక్క మాటలో తేల్చేస్తారు, ఏ తేదీన జమ అయిందో చెప్పమంటే ఎవరో ఒకరు లోపలికి వెళ్లి చూడాల్సి వస్తుంది. ఆ తేదీ మీ చేతికొస్తే దాంతోనే షాపుకి వెళ్లొచ్చు. ఖాతా నంబరు మొత్తం, బ్యాలెన్స్, కార్డు వివరాలు మెయిల్‌లో పెట్టొద్దు. స్క్రీన్‌షాట్ పైభాగంలో కనపడే వాట్సాప్ మెసేజ్‌లు కూడా ఓసారి చూసుకుని కత్తిరించండి, తోటికోడలి మెసేజ్ బ్యాంకు వాళ్లు చదవక్కర్లేదు కదా.

మెయిల్‌తో పాటు యాప్‌లో కూడా ఆ మొదటి వరస మీదే నొక్కి, హెల్ప్ లేదా రిపోర్ట్ అనే చోట ఫిర్యాదు పెట్టండి. నిజానికి యూపీఐ ఫిర్యాదుకి మొదటి మెట్టు అదే, అక్కడ తేలకపోతే ఆ యాప్ వెనకున్న బ్యాంకు, తర్వాత మీ ఖాతా ఉన్న బ్యాంకు, ఆ తర్వాత ఎన్‌పీసీఐ వెబ్‌సైట్లో ఫిర్యాదు పేజీ. యాప్‌లో పెట్టిన ఫిర్యాదుకి ఒక లాభం ఉంది, అందులో నంబరు మీరు టైపు చేయరు, దానంతటదే వెళ్తుంది, కాబట్టి తప్పు వరస నొక్కితే తప్ప పొరపాటుకి చోటు లేదు.

మీవారన్నట్టు బ్రాంచికి వెళ్లడం తప్పేం కాదు, కానీ నిలదీస్తే ఒరిగేదేమీ లేదు. యూపీఐ డబ్బు వెనక్కి తిప్పే మీట మేనేజరు దగ్గర ఉండదు, అదంతా వేరే విభాగం చూస్తుంది. ఆయన చేయగలిగింది సరైన నంబరుతో ఫిర్యాదు నమోదు చేయించడం, మీ ఖాతాకి మెయిల్ ఎక్కించడం, స్టేట్‌మెంట్ ప్రింటు ఇవ్వడం. ఈ మూడూ అడిగితే అరగంటలో పని అవుతుంది. అరిస్తే మధ్యాహ్నం రమ్మంటారు.

మీ అబ్బాయి ఆలోచనకి మాత్రం నేను ఒప్పుకోను. స్క్రీన్‌షాట్ పెట్టి బ్యాంకుని ట్యాగ్ చేయగానే బ్యాంకు కంటే ముందు మోసగాళ్లు పలుకుతారు, బ్యాంకు బొమ్మ పెట్టుకుని, మీ మొత్తం, షాపు పేరు అన్నీ మీ స్క్రీన్‌షాట్‌లోంచే చదివి చెబుతారు, అందుకే నమ్మేస్తాం. రిఫండ్ కోసం లింకు నొక్కమంటారు, స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమంటారు, పిన్ కొట్టమంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పోవడానికే కావాలి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికి కొట్టకండి, కార్డు వెనకో పాస్‌బుక్ మీదో ఉన్నది చూసి కొట్టండి. అబ్బాయికి అంతగా పెట్టాలనిపిస్తే ఫిర్యాదు నంబరు ఒక్కటి రాసి పెట్టమనండి, బొమ్మ లేకుండా. ఎవరికైనా ఇప్పటికే వివరాలు ఇచ్చేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇక ఎవరూ పలకకపోతే అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అధికారి. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా, రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్ cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేసి అడగొచ్చు. 12న వచ్చిన సమాధానం కూడా తిరస్కరణే కదా, ఇప్పుడే వెళ్లొచ్చా అంటారేమో. వెళ్లొచ్చు, కానీ నేనైతే వెళ్లను. అక్కడ మొదట అడిగేది బ్యాంకుకి ఏం రాశారు అని. మీరు రాసింది రెండో ప్రయత్నం గురించి, దానికి వాళ్లిచ్చిన జవాబు సరైనదే. ఆ కాగితాలతో వెళ్తే ఫిర్యాదు అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. కొత్త మెయిల్ పెట్టి, దాని మీద 30 రోజులు చూసి, లేదా దానికొచ్చిన జవాబుతో వెళ్తే మాత్రం పరిస్థితి వేరు. ఆలస్యం అవుతుంది నిజమే, కానీ డబ్బు మధ్యలో చిక్కుకున్నదే అయితే రోజుకి వంద మీ వైపే పెరుగుతూ ఉంటుంది. షాపుకి చేరినదైతే ఆ వంద రాదు, కాబట్టి షాపు సంగతి ఈ వారంలోనే తేల్చుకోండి, దాన్ని అంబుడ్స్‌మన్ దాకా లాగకండి.

మీ మరిది డబ్బు విషయం. దాన్ని ఈ ఫిర్యాదుతో ముడిపెట్టకండి. అతను కట్టింది మీ బిల్లు, బ్యాంకు ఇచ్చినా ఇవ్వకపోయినా అతని 18,400 మీరు ఇవ్వాల్సిందే, అతనితో బ్యాంకుకి సంబంధం లేదు. చేతిలో ఉంటే ఇప్పుడే ఇచ్చేస్తే తోటికోడలితో ఫంక్షన్ ముందు మాట పట్టింపు ఉండదు, మీరు బ్యాంకుతో తాపీగా తేల్చుకోవచ్చు. ఫంక్షన్ ఖర్చుల్లో ఇప్పుడు కుదరకపోతే సగమైనా ఇచ్చి మిగతాది ఫలానా తేదీకి అని చెప్పండి, 'బ్యాంకు వేశాక ఇస్తా' అనకండి, ఆ తేదీ మీ చేతిలో లేదు. ఒక్కటి మాత్రం అతన్ని అడగండి: తన ఫోన్లో ఆ చెల్లింపు వివరాల పేజీ తెరిచి, నంబరు కనపడేలా తీసి మీకు పంపమనండి. అది లేకుండా పై మెయిల్ పంపకండి.